ఒకే యాంగిల్, రెండు కోడ్‌లు

షెడ్డు ట్రస్సులో కింది టై అనుకుందాం. ఐఎస్ఏ 100×75×8 యాంగిల్. 100 మి.మీ. లెగ్‌ను గుస్సెట్ ప్లేటుకి ఒకే వరుసలో మూడు ఎం20 బోల్టులతో బిగించారు. బోల్టుకీ బోల్టుకీ మధ్య 60 మి.మీ., చివరి బోల్టు నుంచి యాంగిల్ కొసకు 40, యాంగిల్ మూల నుంచి బోల్టుల వరుసకు 60. స్టీలు మన మార్కెట్‌లో అందరికీ తెలిసిన ఈ250: యీల్డ్ 250, అల్టిమేట్ 410. 75 మి.మీ. లెగ్ మాత్రం దేనికీ తగలకుండా గాలిలో ఉంటుంది. ఈ కడ్డీని లాగితే ఎంత బలం దగ్గర, ఎక్కడ, ఎలా తెగుతుంది?

ఈ ప్రశ్నను మన ఐఎస్ 800:2007నీ, అమెరికావాళ్ల ఏఐఎస్‌సీ 360నీ పక్కపక్కన పెట్టి అడిగితే వచ్చే జవాబులు చాలాచోట్ల ఆశ్చర్యపరిచేంత దగ్గరగా ఉంటాయి. నాకు ముఖ్యమనిపించింది ఆ దగ్గరతనం కాదు, దాని వెనుక ఉన్న తేడా. ఒకచోట రెండు కోడ్‌లూ నిజంగానే ఏకీభవిస్తాయి. ఇంకోచోట అంకె మాత్రమే కలుస్తుంది. లోహం ఎలా చిరుగుతుందన్న ఊహ ఒకరిది ఒకటైతే మరొకరిది మరొకటి. డిజైన్ ఆఫీసుల్లో స్ప్రెడ్‌షీట్ చివరి గడి ఒక్కటే చూసేవాళ్లకు ఈ తేడా కనబడదు. కానీ జాయింటు కొలతలు కాస్త మార్చగానే అది బయటపడుతుంది.

రెండు కోడ్‌లకు లోడ్ గుణకాలూ, భద్రతా గుణకాలూ వేర్వేరు. అందుచేత తుది బలాలను పక్కపక్కన పెట్టి ఎవరు ఉదారులు, ఎవరు పిసినారులు అని తీర్పు చెప్పడం సరికాదు. నేను చూసేది అంకెలు ఏ దిశలో కదులుతున్నాయి, ఎందుకు కదులుతున్నాయి అన్నదే. పోలిక తేటగా ఉండాలని స్టీలు గుణాలు రెండింటికీ ఒకటే వాడాను.

మొదట నెట్ ఏరియా. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. మొత్తం అడ్డుకోత 1336 చ.మి.మీ. ఎం20 బోల్టుకి చిల్లు 22 మి.మీ.; లెగ్ మందం 8 కాబట్టి ఒక చిల్లుతో 176 పోయి 1160 మిగులుతుంది. మన కోడ్ చిల్లును డ్రిల్ చేశారా, నేరుగా పంచ్ చేశారా అని అడుగుతుంది. పంచ్ చేస్తే వ్యాసానికి ఇంకో 2 మి.మీ. కలిపి తీసేయమంటుంది. ఎందుకంటే పంచ్ దెబ్బకు చిల్లు అంచు గట్టిపడి సన్నని పగుళ్లు రావచ్చు. ఏఐఎస్‌సీ ఆ ప్రశ్నే వేయదు. ఎలా చేసినా 2 మి.మీ. తీసేయమంటుంది. ఫ్యాబ్రికేషన్ షాపులో ఏ యంత్రం వాడతారో డిజైన్ చేసే రోజున మనకు తెలియదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో అమెరికా పద్ధతే నాకు నచ్చుతుంది. మన దగ్గర డ్రాయింగ్ మీద డ్రిల్లింగ్ అని రాసి, షాపులో పంచింగ్ చేసి, లెక్కను మాత్రం ఎవరూ మళ్లీ ముట్టుకోని సందర్భాలు తక్కువేమీ కావు.

అసలు కథ షియర్ లాగ్ దగ్గర మొదలవుతుంది. బలం గుస్సెట్‌లోకి వెళ్లే దారి బిగించిన లెగ్ ఒక్కటే. గాలిలో ఉన్న లెగ్‌లోని బలం మూల దగ్గర తిరిగి, బిగించిన లెగ్‌లోకి పాకి, అక్కడి నుంచి బోల్టులకు చేరాలి. ఆ పాకడానికి కొంత పొడవు కావాలి. జాయింటు పొట్టిగా ఉంటే గాలిలోని లెగ్ అంచుకు బలం పూర్తిగా చేరకముందే, బిగించిన లెగ్‌లో చిల్లు పక్కనున్న లోహం తన హద్దు దాటిపోతుంది. అంటే 1160 చ.మి.మీ. ఉన్నా అంతా ఒకేసారి పనిలోకి రాదు.

ఏఐఎస్‌సీ దీనిని ఒక్క పంక్తిలో చెబుతుంది: U = 1 − x̄/L. ఇందులో x̄ అంటే గుస్సెట్‌ను తాకే ముఖం నుంచి యాంగిల్ కేంద్రకానికి దూరం, L అంటే మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా పొడవు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మన్స్, చెసన్ రివెట్ల, బోల్టుల జాయింట్ల మీద చేసి 1963లో ప్రచురించిన పరిశోధన దీనికి మూలం. కేంద్రకం ఎంత దూరంగా ఉంటే అంత నష్టం, జాయింటు ఎంత పొడవుంటే అంత లాభం. ఇంత చిన్న సూత్రం ఇన్ని దశాబ్దాలు నిలబడటానికి కారణం అందులోని రెండు కొలతలూ అసలు కారణాన్నే పట్టుకోవడం.

మన కోడ్ దారి వేరు. అది యాంగిల్‌ను రెండుగా విడదీస్తుంది. బిగించిన లెగ్ చిల్లు దగ్గర తెగుతుందనీ, అదే సమయంలో గాలిలోని లెగ్ యీల్డ్ అయి కొంత వంతు మాత్రమే సాయం చేస్తుందనీ ఊహిస్తుంది. ఆ వంతు పేరు బీటా: β = 1.4 − 0.076 (w/t)(fy/fu)(bs/Lc). గాలిలోని లెగ్ వెడల్పు, మందం, స్టీలు గుణం, బోల్టుల వరుస మూలకు ఎంత దగ్గర, జాయింటు పొడవు ఎంత, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. ఏఐఎస్‌సీ పట్టించుకోని ఒక సంగతి ఇక్కడుంది. బోల్టుల వరుసను మూల వైపు జరిపితే బలం పాకాల్సిన దారి తగ్గుతుంది. మన సూత్రంలో అది bs ద్వారా వెంటనే కనిపిస్తుంది. అమెరికా సూత్రంలో x̄ యాంగిల్‌కి సంబంధించిన కొలత మాత్రమే కాబట్టి బోల్టుల వరుస ఎటు జరిగినా దానిలో మార్పు ఉండదు. ఊహలోని నిజాయితీ చూస్తే మన సూత్రానిదే పైచేయి అంటాను.

మన యాంగిల్‌కి లెక్క వేద్దాం. మూడు బోల్టులు, పొడవు 120. బీటా 0.94 వస్తుంది. బిగించిన లెగ్ నుంచి సుమారు 175, గాలిలోని లెగ్ నుంచి 121, మొత్తం 296 కిలోన్యూటన్లు. ఏఐఎస్‌సీలో x̄ సుమారు 19 మి.మీ.; U 0.84, తుది బలం మళ్లీ 296 కిలోన్యూటన్లే. నాలుగు బోల్టులు పెట్టినా ఒకరిది 316, ఇంకొకరిది 315. రెండు దేశాల కోడ్‌లలో పూర్తిగా వేరే రూపంలో కట్టిన సూత్రాలు ఇంత దగ్గరగా రావడం కేవలం యాదృచ్ఛికం కాదు. జాయింటు తగినంత పొడవున్నప్పుడు రెండూ ఒకే భౌతిక విషయాన్ని కొలుస్తున్నాయి.

ఇప్పుడు ఒక బోల్టు తీసేద్దాం. రెండు బోల్టులు, పొడవు 60. ఏఐఎస్‌సీ 240కి దిగిపోతుంది. మన కోడ్ 265 దగ్గరే ఆగుతుంది. తేడా ఎక్కడ వచ్చింది? సూత్రం ప్రకారం బీటా 0.48కి పడిపోవాలి. కానీ బీటాను 0.7 కంటే తగ్గించవద్దని కోడ్ అడుగున ఒక హద్దు పెట్టింది. ఈ యాంగిల్‌కి జాయింటు పొడవు సుమారు 79 మి.మీ. కంటే తగ్గిన క్షణం నుంచి ఆ హద్దే మాట్లాడుతుంది. పొడవు 60 అయినా 40 అయినా జవాబు మారదు. షియర్ లాగ్ ఎక్కువగా బాధించేది పొట్టి జాయింటునే. సరిగ్గా అక్కడే ఇంత జాగ్రత్తగా కట్టిన సూత్రం మూగబోతుంది.

అదే కోడ్‌లో, అదే చోట, మొదటి అంచనా కోసం ఇచ్చిన సులువు పద్ధతి ఇంకొకటి ఉంది: నెట్ ఏరియా మొత్తాన్ని ఒక ఆల్ఫాతో గుణించడం. ఒకటి రెండు బోల్టులకు 0.6, మూడింటికి 0.7, నాలుగు, ఆపైన 0.8. దీనితో రెండు బోల్టులకు 228 వస్తుంది. అంటే తొందర అంచనా 228 అంటుంటే వివరమైన లెక్క 265 అంటోంది. వివరమైన లెక్క కొంత ఎక్కువ ఇవ్వడం మామూలే. కానీ పొట్టి జాయింటులో పదహారు శాతం ఎక్కువ ఇస్తే, దానికి కారణం సూక్ష్మమైన ఊహ కాక ఒక కింది హద్దు అయితే, నేను ఆల్ఫానే నమ్ముతాను. రెండు బోల్టుల జాయింటుకి రెండు పద్ధతులూ వేసి, తక్కువది తీసుకోమని పక్కనున్న ఇంజనీరుకి చెబుతాను.

అయితే ఈ లోపం వల్ల ఎన్ని కట్టడాలు కూలాయి అని అడిగితే, అంత దూరం పోనక్కర్లేదు. ఎందుకంటే ఈ యాంగిల్‌లో రెండు బోల్టుల దగ్గర షియర్ లాగ్ వంతు రాకముందే ఇంకొకటి అడ్డం వస్తుంది. అదే బ్లాక్ షియర్.

బోల్టుల వరుస వెంట కొస నుంచి లోపలి బోల్టు దాకా ఒక గీత, లోపలి బోల్టు నుంచి లెగ్ అంచు దాకా అడ్డంగా ఇంకో గీత. ఈ రెండు గీతల మధ్యనున్న లోహపు ముక్క మొత్తం బోల్టులతో పాటు ఊడివస్తుంది. పొడుగు గీత మీద షియర్, అడ్డగీత మీద టెన్షన్. గాలిలోని లెగ్‌కి ఏమీ కాదు. తెగిన కడ్డీని చూసి ఏది జరిగిందో చెప్పడానికి ఇదే సులువైన గుర్తు. చీలిక లోపలి బోల్టు చిల్లు దగ్గర మొదలై అంచుకూ, తర్వాత మూలకూ పాకి, చివర్లో గాలిలోని లెగ్‌ను కూడా చీల్చుకుపోతే అది షియర్ లాగ్‌తో కూడిన నెట్ సెక్షన్ తెగింపు. గాలిలోని లెగ్ చెక్కుచెదరకుండా నిలబడి, బిగించిన లెగ్ కొసలో ఒక నలుచదరపు ముక్క గుస్సెట్ దగ్గరే ఉండిపోతే అది బ్లాక్ షియర్. తెగకముందే తెలుసుకోవాలంటే పొడుగ్గా సాగిన చిల్లులనూ, లోపలి బోల్టుకి ఎదురుగా లెగ్ అంచు సన్నబడటాన్నీ చూడాలి.

మూడు బోల్టుల యాంగిల్‌కి మన కోడ్ బ్లాక్ షియర్ బలం 216 కిలోన్యూటన్లు. ఏఐఎస్‌సీ ప్రకారం 213. షియర్ లాగ్ 296, మొత్తం అడ్డుకోత యీల్డ్ అయ్యే బలం మనకు 304. అంటే ఈ టై అసలు బలం 216 మాత్రమే. యాంగిల్ బలంలో మూడో వంతుకు దగ్గర జాయింటు కొసలోనే పోయింది. ఇక్కడ కూడా రెండు కోడ్‌లూ కలిశాయి కదా అనిపిస్తుంది. కలవలేదు.

మన కోడ్ రెండు సమీకరణాలు ఇచ్చి చిన్నది తీసుకోమంటుంది. మొదటిది షియర్ గీత పూర్తి పొడవునా యీల్డ్ అవుతుండగా టెన్షన్ గీత చిల్లు దగ్గర తెగడం. మన యాంగిల్‌కి అది 236. రెండోది దానికి తలకిందులు: టెన్షన్ గీత యీల్డ్ అవుతుండగా షియర్ గీత తెగడం. అది 216. కోడ్ 216ను ఎంచుకుంది, అంటే షియర్ గీత ముందు తెగుతుందని చెప్పింది. ఏఐఎస్‌సీ 2005 నుంచి రెండో ఊహనే వదిలేసింది. దాని లెక్కలో టెన్షన్ గీత ఎప్పుడూ తెగుతుంది. షియర్ గీత మీద యీల్డ్, తెగింపు రెండింటిలో ఏది తక్కువైతే అది కలుపుతారు. మన యాంగిల్‌కి అక్కడ షియర్ యీల్డే తక్కువ వచ్చింది. అంటే అమెరికా 213 అంకె వెనుకనున్న ఊహ, మన కోడ్‌లో 236 ఇచ్చిన మొదటి సమీకరణం వెనుకనున్న ఊహే. మన 216 దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఊహ.

ఎవరిది నిజం? అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు కులక్, గ్రాండిన్ 2001లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ తిరగేసి ఏఐఎస్‌సీ నియమాన్ని సమీక్షించారు. పరీక్షల్లో కనిపించేది ఒకటే క్రమం: అడ్డగీత మీద లోహం ముందు తెగుతుంది, పొడుగు గీత ఇంకా యీల్డ్ అవుతూ సాగుతూనే ఉంటుంది. కారణం తేలికే. టెన్షన్ గీత పొట్టిది. చిల్లు అంచు దగ్గర సాగదీత అంతా ఒక్కచోటే పోగుపడుతుంది, అక్కడ సాగడానికి పెద్దగా పొడవు లేదు. షియర్ గీత పొడవైనది, జరగడానికి చాలా చోటుంది. కాబట్టి టెన్షన్ గీత ఇంకా మెల్లగా సాగుతూ ఉండగా షియర్ గీత తెగిపోతుందన్న మన రెండో సమీకరణం లోహం చేసే పనిని చెప్పడం లేదు. ఏఐఎస్‌సీ కూడా పాత ఎల్‌ఆర్‌ఎఫ్‌డీ రోజుల్లో ఇలాంటి జంట సమీకరణాలే పెట్టుకుని తర్వాత వదులుకుంది. 2007లో మన కోడ్ కొత్తగా వచ్చేనాటికి ఆ వదులుకోవడం జరిగిపోయింది.

మన కోడ్ తప్పినా భద్రమైన వైపే తప్పింది, నిజమే. చిన్నది తీసుకోమనడం వల్ల ఈ యాంగిల్‌కి ప్రమాదం లేదు. నా అభ్యంతరం వేరు. సూత్రం లోహం ప్రవర్తనకు దూరంగా ఉన్నప్పుడు, ఏ కొలత మారిస్తే బలం ఎంత పెరుగుతుందో అది తప్పుగా చెబుతుంది. డిజైనరుకి కావలసింది ఒక్క అంకె కాదు, ఏది మార్చాలన్నది కూడా.

అక్కడికి పోయే ముందు ఒక అనుమానం తీరాలి. ఇంత పెద్ద నష్టం బ్లాక్ షియర్‌లో ఉంటే, మన పాత ట్రస్సులు ఎలా నిలబడ్డాయి? 1984 నాటి ఐఎస్ 800లో బ్లాక్ షియర్ తనిఖీయే లేదు. షియర్ లాగ్ కోసం ఒక k గుణకం ఉండేది, బిగించిన లెగ్ వైశాల్యం, గాలిలోని లెగ్ వైశాల్యం రెండింటి నుంచీ కట్టినది. అందులో జాయింటు పొడవు ప్రసక్తే లేదు. మన యాంగిల్‌కి దాని ప్రకారం అనుమతించే పని బలం దాదాపు 153 కిలోన్యూటన్లు, రెండు బోల్టులున్నా ఆరు బోల్టులున్నా. ఇప్పటి బ్లాక్ షియర్ బలాన్ని 1.5తో భాగిస్తే మూడు బోల్టులకు 144, రెండు బోల్టులకు 109. పాత కోడ్ కాగితం మీద ఎక్కువే ఇచ్చింది.

ట్రస్సులను కాపాడింది బోల్టులే. 4.6 గ్రేడు ఎం20 బోల్టు ఒక షియర్ తలంలో ఇప్పటి కోడ్ ప్రకారం మోసేది 45 కిలోన్యూటన్లు. మూడు బోల్టులు 136 దగ్గరే ఆగిపోతాయి, బ్లాక్ షియర్ 216 దాకా పోనే పోవు. 216 తేవాలంటే ఐదు బోల్టులు కావాలి. ఐదు బోల్టులు పెట్టేసరికి జాయింటు కొస దూరంతో కలిపి 280 మి.మీ. పొడవై బ్లాక్ షియర్ బలం 300 దాటుతుంది. బలహీనమైన బోల్టులు తమంతట తామే జాయింటును పొడిగించాయి. 8.8 గ్రేడు రాగానే లెక్క మారింది. ఈ కొలతల్లో ఒక బోల్టు బేరింగ్‌లో 79 కిలోన్యూటన్లకు పైగా మోస్తుంది. మూడు కలిసి 238. బోల్టులు ఇంకా నిలబడి ఉండగానే యాంగిల్ కొస చిరుగుతుంది. అమెరికాలోనూ దారి ఇదే. బలమైన బోల్టులతో బీమ్ చివరి యాంగిల్ కనెక్షన్లు పొట్టివై, 1978లో బర్క్‌మో, గిల్మోర్ పరీక్షలు ఈ చిరుగుడును ఎత్తిచూపాక ఏఐఎస్‌సీ నియమంలోకి వచ్చింది. పాత షెడ్డుకి మరమ్మతు చేస్తూ 4.6 బోల్టులు తీసి, వాటిలో సగం 8.8 బోల్టులు పెట్టి సరిపోయిందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బోల్టుల లెక్క సరిపోతుంది. తగ్గిపోయిన జాయింటు పొడవును ఆ లెక్క చూడదు.

ఇప్పుడు 216 చాలదు, 265 దాకా కావాలి అనుకుందాం. ఆఫీసుల్లో మొదట తట్టేది యాంగిల్ మందం పెంచడం. 8 నుంచి 10కి పోతే రెండు గీతలూ పావు వంతు పెరిగి 270 వస్తుంది. మూడు మీటర్ల టై అయితే మీటరుకి రెండున్నర కిలోల చొప్పున ఏడున్నర కిలోల స్టీలు ఎక్కువ. రెండో దారి, యాంగిల్ అలాగే ఉంచి బోల్టుల దూరం 60 నుంచి 75కి, కొస దూరం 40 నుంచి 50కి పెంచడం. ప్రతి చివరా 40 మి.మీ. పొడవు మాత్రమే పెరుగుతుంది. మన కోడ్ ప్రకారం బ్లాక్ షియర్ 270, బోల్టులు కూడా 271 దాకా మోస్తాయి. షియర్ లాగ్ 300 దాటుతుంది కాబట్టి అక్కడా దిగులు లేదు. మొదటి చూపులో రెండు దారులూ సమానం, రెండోది దాదాపు ఉచితం.

అదే మార్పును ఏఐఎస్‌సీతో లెక్కిస్తే మందం పెంచినందుకు 266 ఇస్తుంది, పొడవు పెంచినందుకు 249 మాత్రమే. పొడవు పెంచినప్పుడు మన రెండో సమీకరణం ప్రతి అదనపు మి.మీ.కి షియర్ తెగింపు బలాన్ని లెక్కగడుతుంది. ఏఐఎస్‌సీ యీల్డ్ బలాన్నే లెక్కగడుతుంది, అది తక్కువ. పరీక్షలు చూపించే క్రమం ప్రకారం షియర్ గీత మీద నమ్మదగింది యీల్డ్ బలమే కాబట్టి, పొడవు మీద వచ్చే లాభాన్ని ఏఐఎస్‌సీ తూచినట్టు తూచడమే నాకు సరైనదనిపిస్తుంది. అలాగని పొడవు పెంచే దారి చెడ్డదనడం లేదు. 213 నుంచి 249 చిన్న లాభం కాదు, ఖర్చేమో రెండు చివర్లా కలిపి ఒక కిలో కూడా లేదు. 249 సరిపోయే చోట దానినే వాడాలి. 265 తప్పనిసరైతే బోల్టుల దూరం పెంచుతూనే, గేజ్‌ను 60 నుంచి 53కి తగ్గించి అడ్డగీతకు 7 మి.మీ. ఎక్కువ ఇవ్వాలి, టెన్షన్ గీత తెగింపు బలమే అసలు బలం కాబట్టి అక్కడ పెట్టిన ప్రతి మి.మీ. ఎక్కువ ఇస్తుంది. అంతకంటే మూలకు జరిపేటప్పుడు స్పానర్ సాకెట్ తిరగడానికి గాలిలోని లెగ్‌కీ బోల్టు తలకీ మధ్య చోటుందో లేదో షాపువాళ్లను అడిగి గీయాలి.